‘చెప్పమ్మా’ నుంచి ‘చెప్పండి’కి

సుజాత అని పిలుచుకుందాం. ఆమె ఒక్క మనిషి కాదు. మానసిక చికిత్స కోసం నా దగ్గరికి వచ్చిన ముగ్గురు నలుగురి కథలు కలిపి, ఊరూ ఉద్యోగమూ మార్చి రాస్తున్నాను. వయసు ఇరవై ఏడు, పర్లాకిమిడిలో ప్రైవేటు స్కూలు టీచరు. పలాస దాకా బస్సు, అక్కణ్ణించి రైలు ఎక్కి వారానికోసారి బరంపురం వస్తుంది. మొదటి నెలలోనే ఒక షరతు పెట్టింది. ‘నన్ను మీరు అనకండి మేడమ్, మా పిన్ని వయసు మీది.’ అప్పటి నుంచి ‘నువ్వు’, ‘అమ్మా’ అనే పిలుస్తున్నాను.

ఆరో నెలలో ఒకరోజు, అక్క మూడు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదని చెబుతుండగా తలుపు చప్పుడైంది. అటెండరు తల లోపలికి పెట్టి ‘సార్ డాకుఛంతి’, అంటే సార్ పిలుస్తున్నారు, అన్నాడు. పెద్ద డాక్టరుగారు గుమ్మం దగ్గరే ఉన్నారు. ఒడియాలో రెండు ముక్కలు మాట్లాడి వచ్చి కూర్చుని, ‘ఆఁ, చెప్పండి’ అన్నాను.

ఆమె మొహం మారిపోయింది. ‘మీకు నేను భారమయ్యాను. ఆ మాటే చెప్పేస్తే పోయేది కదా, ఈ నాటకమెందుకు?’

అప్పుడు నేను చేసింది, మనలో చాలామంది చేసేదే. ‘అయ్యో, అలాంటిదేం లేదమ్మా, ఏదో అలా నోటికొచ్చేసింది’ అన్నాను.

‘చూశారా, ఇప్పుడు అమ్మా అంటున్నారు. కవరింగ్!’

నేను చెప్పింది నిజం. అయినా దాంతో పరిస్థితి ఇంకా చెడింది. ఎందుకు చెడిందో తెలిస్తే మెంటలైజేషన్ చికిత్సలో సగం తెలిసినట్టే.

ఎదుటివారు చేసే పని వెనక ఒక మనసు ఉంటుందని, అందులో ఏముందో ఊహించగలమని, అయితే అది మన ఊహ మాత్రమేనని గుర్తు పెట్టుకోవడాన్ని మెంటలైజేషన్ అంటారు. ఇందులో చివరి ముక్కే కీలకం. మనసుల్ని ఊహించడం అందరికీ వచ్చు. ఊహించింది తప్పు కావచ్చన్న చిన్న సందు వదలడమే కష్టం. ఆ సందు తరచుగా, అదీ దగ్గరివాళ్ళ విషయంలోనే, మూసుకుపోతుండడం బోర్డర్‌లైన్ అనే వ్యక్తిత్వ సమస్య లక్షణాలున్నవారి ప్రధాన బాధ అని లండన్‌కు చెందిన ఆంథొనీ బేట్‌మన్, పీటర్ ఫోనగీ ప్రతిపాదించారు. చికిత్సను కూడా దాని చుట్టూనే అల్లారు. (బోర్డర్‌లైన్ అన్న పేరుకు మా ఆంధ్రా ఒడిశా బోర్డరుతో సంబంధం లేదు. అప్పట్లో న్యూరోసిస్‌కూ సైకోసిస్‌కూ నడుమ ఎక్కడో ఉన్న రోగులని అనుకుని ఆ పేరు పెట్టారు. పేరు మంచిది కాదు, కానీ అతుక్కుపోయింది.)

‘చెప్పండి’ అన్న క్షణంలో సుజాతకు ఆ సందు మూసుకుపోయింది. మనసులో కలిగిన భావమూ బయటి వాస్తవమూ ఒకటైపోయే ఈ స్థితిని సైకిక్ ఈక్వివలెన్స్ అంటారు. ‘భారమయ్యానేమో అనిపిస్తోంది’ అన్నది కాస్తా ‘భారమయ్యాను’ అయిపోతుంది. ఉద్రేకం ఒక స్థాయి దాటితే నింపాదిగా ఆలోచించే యంత్రాంగం వెనక్కి తగ్గి, దెబ్బకు దెబ్బ అన్నట్టుండే వేగవంతమైన యంత్రాంగం ముందుకొస్తుంది. ఇది మనందరికీ జరిగేదే. చిన్నప్పటి బంధాల్లో గాయపడినవారికి తక్కువ వేడికే మీట మారుతుందనీ, తిరిగి రావడానికి ఎక్కువసేపు పడుతుందనీ ఈ సిద్ధాంతం చెబుతుంది.

మీట మారిందని గుర్తుపట్టడానికి తెలుగువాళ్ళకు ఒక సులువుంది. మన భాషలో అనుమానానికి వేరే వాక్యం అక్కర్లేదు, క్రియ చివర చిన్న తోక చాలు. ఏమో, కాబోలు, అనుకుంటా, అట. బాగున్న రోజున సుజాత మాటల నిండా ఇవే ఉంటాయి. ‘అక్కకి తీరిక లేదేమో.’ మీట మారగానే ఈ తోకలన్నీ రాలిపోతాయి. ‘ఎప్పుడూ’, ‘ఎవరూ’, ‘అంతే’ మిగులుతాయి. నేను ఇప్పుడు కథ కన్నా ముందు తోకలు వింటున్నాను.

ఇక రెండో సంగతి, ఎపిస్టెమిక్ ట్రస్ట్. ఒకరు చెప్పిన మాట నిజమనీ, అది నా కోసమే చెప్పారనీ, ఈ గది బయట కూడా పనికొస్తుందనీ నమ్మి లోపలికి తీసుకోగలగడం. ఇది ఆ మనిషి మంచివారన్న నమ్మకం కన్నా కొంచెం వేరు. డాక్టరు మంచాయన అని నమ్ముతూనే ఆయన చెప్పింది నాకు వర్తించదనుకునే వాళ్ళు ఎంతమంది లేరు?

ఈ నమ్మకపు తలుపు పసితనంలోనే తెరుచుకుంటుంది. 2008లో సెంజు, చిబ్రా అనే పరిశోధకులు ఆరు నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పెద్దమనిషి ముందు పిల్ల కళ్ళలోకి చూసో, పిల్లలతో మాట్లాడే ముద్దు గొంతుతో పలకరించో ఆ తర్వాత ఒక బొమ్మ వైపు చూస్తే, పిల్ల కూడా అటే చూసింది. ఆ పలకరింపు లేకుండా చూస్తే అలా అనుసరించలేదు. ‘ఇది నీకే చెబుతున్నాను’ అన్న సంకేతం ముందు అందాలి, విషయం తర్వాత. పెద్దయ్యాక ఆ సంకేతం మరో రూపం తీసుకుంటుంది: ఎదుటివారు నన్ను నేనున్నట్టుగా చూశారు, నా బాధకు నా లెక్కలోనే అర్థం చెప్పారు అన్న అనుభవం.

ఆ పలకరించే గొంతు నుంచే దెబ్బలు తిన్న పిల్ల పెద్దయ్యాక ఏం చేస్తుంది? కాపలా పెడుతుంది. ప్రతి మాట వెనకా ‘ఇది ఎందుకంటున్నారు?’ అని వెతుకుతుంది. ఒక్కోసారి కాపలా కాసి కాసి అలిసిపోయి, ఎవరో నిన్నగాక మొన్న పరిచయమైన మనిషిని పూర్తిగా నమ్మేస్తుంది కూడా. ఇలాంటివారి గురించి కుటుంబాలు ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే’ అంటుంటాయి. అది తప్పు పోలిక. వీళ్ళకు శంఖం వినిపిస్తుంది, ఊదేవాడి ఊపిరి కూడా వినిపిస్తుంది. పాట మాత్రం లోపలికి వెళ్ళదు.

అందుకే నా ‘అలాంటిదేం లేదమ్మా’ పనిచేయలేదు. ఆమె ఒక తేడా విన్నది. నేను ఆ తేడానే లేదన్నాను. అంటే ఆమె చెవులే అబద్ధమన్నాను. ఇక నేను చెప్పే ఏ మాటకు విలువుంటుంది?

ఇలాంటప్పుడు పద్ధతి ఆగడంతో మొదలవుతుంది. వాదించకూడదు, ‘ఎందుకలా అనిపించింది?’ అని తవ్వకూడదు. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వాల్సిన యంత్రాంగమే ఆ నిమిషంలో సెలవులో ఉంది. చిన్న వాక్యాలు, తక్కువ మాటలు. కుర్చీ కొద్దిగా పక్కకు జరుపుకున్నాను, కళ్ళలోకి సూటిగా చూడకుండా. దగ్గరితనమే వేడి పుట్టిస్తున్నప్పుడు మరింత దగ్గరగా వంగి ఓదార్చడం నిప్పు మీద నెయ్యి పోయడమే.

‘ఒక్క నిమిషం ఆగుదాం. నేనేదో చేశాను. అది నీకు గట్టిగా తగిలింది.’

ఆమె మాట్లాడలేదు. నేనూ తొందరపడలేదు. కొంతసేపయ్యాక అన్నాను: ‘చెప్పండి అన్నాను. నువ్వు విన్నది నిజమే. గుమ్మం దగ్గర పెద్దాయనతో మాట్లాడిన మర్యాద నోట్లో ఉండిపోయిందేమో. చిరాగ్గా కూడా ఉన్నాను. మధ్యలో పిలిచినందుకు.’

‘చిరాకు అయితే ఉంది కదా.’

‘ఉంది.’

‘నాకు కనిపించింది.’

‘కనిపించింది. దాన్ని లేదన్నది నేనే. అది నా తప్పు.’

ఆమె భుజాలు దిగాయి. గమనించండి, ‘నువ్వు భారం కాదు’ అని నేను ఒప్పించలేదు, ‘భారమే’ అని ఒప్పుకోనూ లేదు. ఆమె చూసిన దాంట్లో ఎంత నిజమో అంతా ఒప్పుకున్నాను. మొహం చదవడంలో ఆమెది తప్పు లేదు, నా చిరాకు నిజం. ఆ చిరాకు ఎవరి మీదన్న చోటే సందు మూసుకుపోయింది. తప్పు ఒప్పుకోవడంలో కూడా ఒక హద్దుంది. చికిత్సకుడు ఏడుపుమొహం పెట్టి క్షమాపణలు మొదలుపెడితే ఇప్పుడు పేషెంటే ఆయన్ని ఓదార్చాలి.

ఆ తర్వాతే మాటను వెనక్కి తిప్పాలి, దెబ్బ తగలడానికి ఒక్క అడుగు ముందున్న క్షణానికి. ‘తలుపు చప్పుడైనప్పుడు ఏం చెబుతున్నావు?’

‘అక్క ఫోన్ ఎత్తడం లేదని.’

‘నేను లేచి వెళ్తుంటే?’

‘...మీరూ వెళ్ళిపోతున్నారనిపించింది. ఏమో, అక్క మీది కోపమే మీ మీద చూపించానేమో.’

తోకలు తిరిగొచ్చాయి.

ఇక్కడ ఒక మోసం ఉంది, నేను చాలాసార్లు పడ్డాను. చల్లబడ్డాక కొందరు ‘అవును మేడమ్, నా చిన్ననాటి అటాచ్‌మెంట్ సమస్య వల్ల ఇలా రియాక్ట్ అయ్యాను’ అని అందంగా చెబుతారు. చికిత్సకుడికి పండగలా ఉంటుంది. కానీ మొహంలో ఏ కదలికా ఉండదు, తోకలూ ఉండవు, వచ్చే వారం అదే గొడవ. దీన్ని ప్రిటెండ్ మోడ్ అంటారు. మాటలు భావం నుంచి ఊడిపోయి వాటంతటవే తిరుగుతుంటాయి. అప్పుడు పని తలకిందులవుతుంది, చల్లార్చడం కాదు, కొంచెం వేడి పుట్టించాలి: ‘అది సరే, ఇప్పుడు ఈ నిమిషంలో నా మీద ఏమనిపిస్తోంది?’

ఫలితాల మాట. 1999లో 38 మంది రోగులతో, 2009లో 134 మందితో బేట్‌మన్, ఫోనగీ ప్రచురించిన పరిశోధనల్లో ఆత్మహత్యా ప్రయత్నాలు, ఆసుపత్రిలో చేరాల్సిరావడం తగ్గాయి. రెండోదానిలో పోలికకు తీసుకున్న మరో క్రమబద్ధమైన చికిత్సలో ఉన్నవారూ బాగుపడ్డారు, మెంటలైజేషన్ వారు ఇంకొంచెం ఎక్కువగా. తలుపు తెరుచుకోవడం వల్లే బాగుపడ్డారా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. పైగా ఆ 2009 చికిత్స పద్దెనిమిది నెలలు, వారానికి ఒక విడి సెషన్, ఒక గ్రూపు. పర్లాకిమిడి నుంచి వచ్చేవాళ్ళతో గ్రూపు పెడదామనుకుంటే, ఇద్దరు వచ్చేసరికి మేనత్త వరస కలుస్తుంది. నేను విడి సెషన్లతోనే నెట్టుకొస్తున్నాను, అంటే అసలు పద్ధతిలో సగమే. సెషన్‌లో చనిపోవాలన్న మాట వస్తే ఈ సున్నితాలన్నీ పక్కన పెట్టి ముందు భద్రత చూసుకోవాలి. రెండు సెషన్ల నడుమ రాత్రిపూట వస్తే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు.

గదిలో తలుపు తెరుచుకుంటే సరిపోదు, బయట ఇంకొకరి నుంచి నేర్చుకోవడానికి అది పనికిరావాలి. తర్వాతి వారం సుజాత వచ్చి చెప్పింది. అక్క ఫోన్ ఎత్తిందట. గొంతు ముభావంగా ఉందట. మామూలుగా అయితే పెట్టేసేదాన్నే అంది. ఈసారి మాత్రం ‘చిరాగ్గా ఉన్నావా అక్కా? నా మీదేనా?’ అని అడిగిందట. ‘అత్తగారి మీదే’ అన్నదట అక్క. కాసేపాగి, ‘కొంచెం నీ మీద కూడా’ అన్నదట. ఆ మాటకు తనకే నవ్వొచ్చిందట.