గుర్తింపు ఇచ్చినవాళ్లకు గుర్తింపు ఉందా?

పరీక్షల్లేకుండా వారాల్లో డిగ్రీ ఇస్తామనే వ్యాపారం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1880లో ఫిలడెల్ఫియాలో జాన్ బుకానన్ అనే అతను వైద్య పట్టాలు అమ్ముతూ పట్టుబడ్డాడు. కేసు ముదిరేసరికి నదిలో దూకి చనిపోయినట్టు నాటకం కూడా ఆడాడు. ఆ పట్టాలు గోడకు తగిలించుకున్నవాళ్ల దగ్గరికి నిజమైన రోగులు వెళ్లారన్నది తలచుకుంటేనే భయమేస్తుంది.

అప్పట్లో మంచి కాగితం, ముద్ర ఉంటే సరిపోయేది. తర్వాత జనం ‘గుర్తింపు ఉందా?’ అని అడగడం మొదలుపెట్టారు. దాంతో అమ్మేవాళ్లు గుర్తింపును కూడా తయారు చేయసాగారు. 1990ల్లో కొలంబియా స్టేట్ యూనివర్సిటీ పేరుతో 27 రోజుల్లో డిగ్రీ అమ్మారు. పేరున్న కొలంబియా యూనివర్సిటీతో దానికి ఏ సంబంధమూ లేదు. అమెరికా లెక్కలో బ్యాచిలర్ డిగ్రీకి 120 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు క్లాసు, సొంత చదువు కలిపి సుమారు 45 గంటలు. అంటే 5,400 గంటలు. రోజూ 8 గంటలు చదివినా 675 రోజులు పడుతుంది.

ఈ లెక్క దాటడానికి వాళ్లు వాడే మాట ‘జీవితానుభవానికి క్రెడిట్లు’. నిజమైన కాలేజీలూ అనుభవానికి క్రెడిట్లు ఇస్తాయి. కానీ చేసిన పనికి ఆధారాలు అడిగి, అధ్యాపకులతో పరిశీలింపజేసి, డిగ్రీలో కొంత భాగానికే ఇస్తాయి. రెజ్యూమె పంపగానే మొత్తం డిగ్రీ వచ్చేస్తే అది అమ్మకమే.

గుర్తింపు నాటకం ఎంతదాకా వెళ్లిందో సెయింట్ రీజిస్ యూనివర్సిటీ కేసు చూపిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నుంచి దంపతులిద్దరు దాన్ని నడిపారు. గుర్తింపు మాత్రం లైబీరియాదని చూపించారు. అందుకోసం ఆ దేశ అధికారులకు లంచాలిచ్చారు. అనుమానం వచ్చి ఆరా తీసినవాళ్లకూ ‘ఉంది’ అనే జవాబు దొరికేది. 2005లో సోదాలు జరిగాయి, 2008లో భార్యకు మూడేళ్ల జైలుశిక్ష పడింది. అదే ఏడాది కొన్నవాళ్ల పేర్లు పత్రికకెక్కాయి. పేరు ఒకసారి అలా బయటపడ్డాక ఉద్యోగంలో సంజాయిషీ చెప్పుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

అందుకే తనిఖీ పైనుంచి కిందికి సాగాలి. కాలేజీ సైట్‌లోని లింకు నొక్కకండి. ఏ దేశం పేరుతో డిగ్రీ ఇస్తున్నారో ఆ దేశ ప్రభుత్వ ఉన్నత విద్యా విభాగం సైట్‌ను మీరే టైప్ చేసి తెరవండి. కాలేజీకి గుర్తింపు ఇచ్చినట్టు చెప్పే సంస్థ పేరు అక్కడుందో లేదో చూడండి. ఉంటే, ఆ సంస్థ జాబితాలో కాలేజీ పేరును అక్షరం అక్షరం పోల్చండి, ఆ కోర్సును ఆన్‌లైన్‌లో నడిపే అనుమతి ఉందో లేదో కూడా చూడండి. కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సులు మాత్రం నిజంగానే ఉంటాయి, అవి తమను డిగ్రీ అని చెప్పుకోవు.