గంజిలో ఒక సున్న, అంబలిలో ఒక సున్న

చిరంజీవులైన పిల్లలకు,

పర్లాకిమిడి నుంచి మీ తాతయ్య ఆశీస్సులు. మీరు రాయగడ నుంచి తెలుగులో రాసిన ఉత్తరం అందింది. రెండుసార్లు చదువుకున్నాను. బడిలో ఒడియా చదువుతూ, ఇంట్లో నేర్చుకున్న తెలుగులో రెండు పేజీలు రాశారంటే ఎంత సంతోషం వేసిందో! అందులో నాలుగు మాటల దగ్గర మాత్రం ఆగాను. ‘గన్జి’, ‘అమ్బలి’, ‘వన్కాయ’, ‘టెంషన్’ అని రాశారు. మొదటి మూడింటిలో సున్న పెట్టాల్సిన చోట పెట్టలేదు, నాలుగోదాంట్లో అక్కర్లేని చోట పెట్టారు. ఎందుకో చెబుతాను.

ముందు ఒక పని చేయండి. ‘అంబలి’ అనబోయి, ‘బ’ రాకముందే ఆగిపోండి. పెదాలు మూసుకుని ఉన్నాయి కదా? అది మ్. ఇప్పుడు ‘సంత’ అనబోయి ‘త’కు ముందు ఆగండి. నాలుక కొన పై పళ్ళ వెనక ఆనింది, అది న్. ‘గంట’లో నాలుక వెనక్కి మడత పడుతుంది, అది ణ్. ‘గంజి’లో నాలుక మధ్యభాగం అంగిలికి తగులుతుంది, అది ఞ్. ‘వంకాయ’లో నాలుక వెనకభాగం లేస్తుంది, అది ఙ్. రాసేది ఒక్కటే సున్న, పలుకుతున్నది అయిదు ధ్వనులు. తర్వాత వచ్చే అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో, ముక్కుతో పలికే ధ్వని ముందే అక్కడికి వెళ్ళి కూర్చుంటుంది. ఏ ధ్వనో పక్క అక్షరమే చెబుతుంది కాబట్టి తెలుగుకు ఒక్క గుర్తు సరిపోయింది.

మాట్లాడేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ‘ఎనభై’ని మీ నాన్నమ్మ ‘ఎంభై’ అంటుంది, విన్నారు కదా. మధ్యలో అచ్చు పోయి న్ వెళ్ళి భ పక్కన పడింది. భకి పెదాలు మూయాలి కాబట్టి ఆ న్ కాస్తా మ్ అయిపోయింది.

మీ తికమక ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మన స్టేషన్ బోర్డు మీద ఒడియాలో పర్లాకిమిడి పేరు చూడండి. చివర ణకు డ కలిపి, ‘ఖేముణ్డి’ అన్నట్టు రాస్తారు. ‘గంజాం’లోనూ ఞకు జ కలిపి రాస్తారు. పలుకుబడిలో ఉన్న అక్షరాన్నే ఒడియా కాగితం మీద పెడుతుంది. అక్కడ అదే ఒప్పు. మీరు ఆ అలవాటునే తెలుగులోకి తెచ్చారు. అందుకే ‘అమ్బలి’ అని చెవికి సరిగ్గానే రాశారు. తెలుగులో మాత్రం అక్కడ సున్న రాస్తాం.

ఇక ‘టెంషన్’ సంగతి. క, చ, ట, త, ప వర్గాల అక్షరాల ముందు సున్న దేనికైనా ఒదుగుతుంది. స, శ, ష, హ, వ వంటివి వస్తే అలా ఒదగదు. అక్కడ మనం మ్ అనే పలుకుతాం. మాంసం, సింహం, సంవత్సరం పైకి చదివి చూడండి, పెదాల దగ్గరే తెలుస్తుంది. (ఒడియా క్లాసులో మీరు సంసారాన్ని ‘సఙ్సార’ అంటారు. అక్కడ ఆ గుర్తుకు ఙ్ పలుకుబడి. ఇంట్లో మాత్రం అలా అనకండి.) కాబట్టి ‘టెంషన్’ అని రాస్తే తెలుగువాడు ‘టెమ్షన్’ అని చదువుతాడు. న్ కావాలంటే న్ రాయాల్సిందే: టెన్షన్, లైసెన్సు, డాన్సు.

దీనికి నేను నెలనెలా తీసుకునేదే మంచి ఉదాహరణ. ‘పింఛను’, ‘పెన్షన్’ ఒకే ఇంగ్లీషు మాట నుంచి వచ్చాయి. పాత రూపంలో ఛ ఉంది కాబట్టి సున్న హాయిగా కూర్చుంది. కొత్త రూపంలో ష ఉంది కాబట్టి న్ విడిగా రాయాల్సి వచ్చింది. ‘టెంటు’ అనే మాట కూడా చూడండి. ఇంగ్లీషువాళ్ళు నాలుక మడవరు. మనం ఆ ‘ట్’ని మన ట చేసుకున్నాం, దాని ముందున్న న్ కూడా తనంతట తానే ణ్ అయిపోయింది.

సున్న మోసం చేసే చోటు ఒకటుంది. మాట చివర సున్న అంటే మ్. ‘రూం’ అని రాస్తే ఇబ్బంది లేదు. దానికి ‘కి’ చేర్చి ‘రూంకి’ అన్నామా, ‘బ్యాంకి’లో లాగా ఙ్ అని చదివే ప్రమాదం ఉంది. మనం పలికేది మాత్రం మ్, పెదాలు మూసే పలుకుతాం. అందుకే నేను ‘రూమ్‌కి’ అనే రాస్తాను. అచ్చులో రెండూ కనిపిస్తాయి, నాకు మాత్రం ఇదే సరైనదనిపిస్తుంది.

ఈసారి ఉత్తరంలో మీ ఫోన్‌లో వేసే ఆ చిన్న కార్డు పేరు రాసి పంపండి. సున్న పెడతారో, మ్ పెడతారో చూస్తాను. నాన్నమ్మ చోడి పిండి కట్టి ఉంచింది, వచ్చేవాళ్ళ చేత పంపిస్తాం.

మీ తాతయ్య