డీసీ లోడ్ ఫ్లో వోల్టేజీని ఎక్కడ వదిలేసింది?

గ్రిడ్‌లో ఏ లైన్‌లో ఎంత పవర్ పారుతుందో దాదాపుగా చెప్పే సులువైన లెక్క డీసీ లోడ్ ఫ్లో. ఈ ఏసీ గ్రిడ్ లెక్కకు ‘డీసీ’ అనే పేరు పాత లెక్కబోర్డుల నుంచి వచ్చింది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇంజినీర్లు రెసిస్టర్లతో గ్రిడ్ నమూనా కట్టి, అందులో డీసీ కరెంటు పంపేవారు. లైన్ రియాక్టెన్స్ బదులు రెసిస్టర్, ఫేజ్ కోణం బదులు డీసీ వోల్టేజ్, పవర్ బదులు కరెంటు. 1929లో ఎంఐటీలో ఏసీతోనే నడిచే గ్రిడ్ నమూనా, ఏసీ నెట్‌వర్క్ అనలైజర్ వచ్చింది. 1967లో టిన్నీ, హార్ట్ అనే ఇంజినీర్లు, పూర్తి ఏసీ సమీకరణాలను తిప్పి తిప్పి లెక్కించే న్యూటన్ పద్ధతిని పెద్ద గ్రిడ్లకు పనికొచ్చేలా చేశారు. అయినా పాత ఊహ పోలేదు. కారణం వేగం. ఒక్కో లైన్ పడిపోతే ఏమవుతుందో వేల కేసులు చూడాలంటే, తిప్పి తిప్పి లెక్కించే పని లేని సరళ సమీకరణమే అందరికీ నచ్చింది:

P = (θ1 − θ2)/x

ఇక్కడ P లైన్‌లో పారే పవర్, θ1, θ2 లైన్ రెండు కొసల ఫేజ్ కోణాలు రేడియన్లలో, x లైన్ రియాక్టెన్స్. ఈ సమీకరణం వెనుక మూడు ఊహలున్నాయి. లైన్ రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు, కాబట్టి నష్టాలూ లేవు. కోణాల తేడా చిన్నది, కాబట్టి సైన్ విలువా కోణమూ ఒకటే. ప్రతి బస్‌లో, అంటే లైన్లు కలిసే ప్రతి చోటా, వోల్టేజ్ 1 పర్ యూనిట్, అంటే సరిగ్గా నిర్ణీత వోల్టేజే. పాఠాల్లో ఎక్కువ చర్చ మొదటి రెండింటి మీదే సాగుతుంది. నా దృష్టిలో ట్రాన్స్‌మిషన్‌లో ఎక్కువ మోసం చేసేది మూడోది.

ఒక జనరేటర్ బస్ నుంచి లోడ్ బస్‌కు రెండు సమాంతర లైన్లున్నాయి అనుకుందాం. 100 ఎంవీఏను 1గా తీసుకునే బేస్ మీద ఒక్కో దాని రియాక్టెన్స్ 0.5, సామర్థ్యం 100 ఎంవీఏ, అంటే కరెంటు 1. రెసిస్టెన్స్ లేదనే అనుకుందాం. జనరేటర్ బస్ వోల్టేజ్ 1 దగ్గర నిలకడగా ఉంది. లోడ్ 96 మెగావాట్లు, పవర్ ఫ్యాక్టర్ 1. లోడ్ దగ్గర కెపాసిటర్ గానీ జనరేటర్ గానీ లేదు.

రెండు లైన్లూ ఉన్నప్పుడు డీసీ లెక్క ఒక్కో దానిలో 48 మెగావాట్లు చూపుతుంది. ఏసీ లెక్కలో లోడ్ వోల్టేజ్ 0.97, ఒక్కో లైన్ కరెంటు దాదాపు 0.5. రెండూ కలిశాయి కదా అని నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు ఒక లైన్ ట్రిప్ అయింది. డీసీ ప్రకారం మిగిలిన లైన్‌లో 96 మెగావాట్లు, కోణం 27.5 డిగ్రీలు. సామర్థ్యంలో 96 శాతమే, గండం గడిచినట్టే. ఏసీలో మాత్రం లోడ్ వోల్టేజ్ 0.8కి పడిపోతుంది, కోణం 36.9 డిగ్రీలు, కరెంటు 1.2. అంటే లైన్ 120 శాతం లోడ్‌లో ఉంది. లైన్ రియాక్టెన్సే 72 ఎంవీఏఆర్ రియాక్టివ్ పవర్ తాగేస్తోంది, డీసీ లెక్కలో దానికి చోటే లేదు. పైగా ఆ ఒక్క లైన్ మీద ఈ లోడ్‌కు గరిష్ఠంగా అందేది 100 మెగావాట్లే. లోడ్ 110 అయితే ఏసీ సమీకరణాలకు జవాబే ఉండదు, వోల్టేజ్ కుప్పకూలుతుంది. డీసీ మాత్రం దాన్ని 10 శాతం ఓవర్‌లోడ్‌గా చూపి ఊరుకుంటుంది.

డిస్ట్రిబ్యూషన్ ఫీడర్ల సంగతి వేరు. అక్కడ రెసిస్టెన్స్ రియాక్టెన్స్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి మొదటి ఊహే నిలవదు.

కాబట్టి మామూలు పరిస్థితిలో ఏసీతో పోల్చి సరిపోయిందని డీసీ నమూనాను ఆమోదిస్తే చాలదు, లైన్ పడిపోయిన కేసుల్లోనూ పోల్చాలి. ముందుగా చూడాల్సినవి ఇలాంటివే: పొడవైన లైన్ల చివర, దగ్గర్లో కెపాసిటర్, జనరేటర్ లాంటి రియాక్టివ్ ఆసరా లేని లోడ్ బస్‌లు. వాటికి డీసీ 80, 90 శాతం లోడింగ్ చూపినా ఆ కేసును ఏసీ లెక్కకు పంపడమే క్షేమం.