దుబాయ్ ఆఫర్ లెటర్: ప్రొబేషన్, నోటీసు, వేరియబుల్ పే మీద అపోహలు – వాస్తవాలు

ద్వారకానగర్‌లో కూర్చుని గల్ఫ్ ఉద్యోగాల ఆఫర్ లెటర్లు చదివి పెట్టడం నా పని. మొన్న గాజువాక నుంచి ఒక మెకానికల్ ఇంజనీరు వచ్చాడు. దుబాయ్‌లో పంపులు, వాల్వులు అమ్మే కంపెనీలో సేల్స్ ఇంజనీరు ఉద్యోగం. "నెలకు ఎనిమిది వేల దిర్హాములు సార్, సంతకం పెట్టేయమంటారా?" అన్నాడు. లెటర్లో ఆ 8,000 ఇలా విడగొట్టి ఉంది: బేసిక్ 3,200, ఇంటి అద్దె 2,000, రవాణా 800, వేరియబుల్ 'గరిష్ఠంగా 2,000'. ఈ వాస్తవాలన్నీ ఆ ఒక్క లెటర్ చుట్టూనే చెబుతాను.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేది యూఏఈ కార్మిక చట్టం గురించి. అది 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ చట్టం, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దుబాయ్ ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్, అబుదాబి గ్లోబల్ మార్కెట్ అనే రెండు ఫ్రీ జోన్లకు సొంత ఉద్యోగ చట్టాలున్నాయి. మీ కంపెనీ చిరునామా ఆ రెండింటిలో ఉంటే లెక్క వేరు.

అపోహ: ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు ఎప్పుడంటే అప్పుడు మానేయొచ్చు, వాళ్లూ ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు.

వాస్తవం: రెండువైపులా నోటీసు ఉంది. ప్రొబేషన్‌లో కంపెనీ తీసేయాలంటే రాతపూర్వకంగా కనీసం 14 రోజుల ముందు చెప్పాలి. మీరు మానేసి ఇంటికి వచ్చేయాలనుకుంటే మీకూ అదే 14 రోజులు. అక్కడే యూఏఈలో ఇంకో కంపెనీలో చేరాలంటే మాత్రం నెల రోజుల నోటీసు ఇవ్వాలి. మనవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. చేరిన మూడో నెలలో ఇంకొకరు వెయ్యి దిర్హాములు ఎక్కువిస్తామంటే రెండు వారాల్లో వెళ్లిపోదామనుకుంటారు. చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే మిగిలిన నోటీసు రోజుల జీతం మీరే కట్టాలి, దాంతోపాటు ఏడాదిపాటు అక్కడ వర్క్ పర్మిట్ రాకుండా పోయే ప్రమాదం ఉంది.

గాజువాక అబ్బాయి లెటర్లో ఇంకో వాక్యం ఉంది: ప్రొబేషన్‌లో రాజీనామా చేస్తే వీసా, టికెట్ ఖర్చులు ఉద్యోగే తిరిగి కట్టాలని. అతను అన్నిటికంటే ఎక్కువ భయపడింది దీనికే. నిజానికి నియామక ఖర్చుల్ని నేరుగా గానీ, చుట్టు తిప్పి గానీ ఉద్యోగి మీద వేయకూడదని ఆ చట్టమే చెబుతోంది. ప్రొబేషన్‌లో మీరు అక్కడే వేరే కంపెనీకి మారితే పాత కంపెనీకి ఆ ఖర్చులిచ్చేది కొత్త కంపెనీ. కాబట్టి మారేటప్పుడు కొత్తవాళ్లను ముందే అడగండి, ఆ ఖర్చు మీరు భరిస్తారా అని. చాలామంది అది విని వెనక్కి తగ్గుతారు. అది ముందే తెలియడం మంచిది.

ప్రొబేషన్ గరిష్ఠంగా ఆరు నెలలు. 'యాజమాన్యం అవసరమనుకుంటే పొడిగిస్తుంది' అని రాసినా ఆరు నెలలు దాటకూడదు, అదే కంపెనీ మళ్లీ రెండోసారి ప్రొబేషన్ పెట్టకూడదు. ఇంకొకటి, ఆ కాలంలో జబ్బు చేస్తే జీతంతో కూడిన సెలవు హక్కుగా రాదు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే కొంత డబ్బు చేతిలో ఉంచుకోమని చెప్పేది అందుకే.

అపోహ: వేరియబుల్ కూడా జీతమే, కొంచెం ఆలస్యంగా వస్తుందంతే.

వాస్తవం: చేతికొచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోకూడదు. ఆ లెటర్లో వేరియబుల్ గురించిన పేరా చిన్న అక్షరాల్లో చివరి పేజీలో ఉంది. అందులో నాలుగు షరతులున్నాయి. టార్గెట్ కంపెనీ నిర్ణయిస్తుంది. ప్రొబేషన్ పూర్తయి కన్ఫర్మ్ అయినవాళ్లకే ఇస్తుంది. మూడు నెలలకోసారి, ఆ త్రైమాసికం అయ్యాక వచ్చే నెల జీతంతో ఇస్తుంది. ఇచ్చే రోజుకు ఉద్యోగంలో ఉండాలి, నోటీసులో ఉండకూడదు.

అతను 8,000ని పన్నెండుతో గుణించి ఏడాదికి 96,000 అనుకున్నాడు. మార్చి 1న చేరితే ఆగస్టు చివరిదాకా ప్రొబేషన్, అంటే ఆరు నెలలు వేరియబుల్ సున్నా. ఖాయంగా వచ్చేది నెలకు 6,000, ఏడాదికి 72,000. మిగిలిన ఆరు నెలలు టార్గెట్ పూర్తిగా కొట్టినా కలిసేది 12,000. అంటే మొదటి ఏడాది ఎంత బాగా చేసినా 84,000 దాటదు. ఇంటి అప్పు వాయిదా, ఊరికి పంపే డబ్బు 6,000 మీద లెక్క వేసుకోమన్నాను.

అసలు చిక్కు ఈ మూడు క్లాజులూ ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు వస్తుంది. ప్రొబేషన్ అయ్యాక నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఉండాలని చట్టం. ఇతని లెటర్లో 60. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కష్టపడి టార్గెట్ కొట్టాడనుకోండి. ఆ 6,000 జనవరి చివర్లో జీతంతో రావాలి. జనవరి 5న రాజీనామా పెడితే జనవరి చివరికి అతను నోటీసులో ఉంటాడు. లెటర్ ప్రకారం ఆ 6,000 ఇవ్వనక్కర్లేదంటారు. అదే రాజీనామా డబ్బు ఖాతాలో పడ్డ మర్నాడు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. నాకు ఈ షరతు అన్యాయంగానే కనిపిస్తుంది, పనైతే జరిగిపోయింది కదా. అందుకే సంతకానికి ముందే ఈమెయిల్‌లో అడిగించాను: మధ్యలో మానితే పనిచేసిన నెలల మేరకు వేరియబుల్ ఇస్తారా, టార్గెట్ ఏ తేదీలోగా రాతపూర్వకంగా ఇస్తారు అని. టార్గెట్ త్రైమాసికం మొదటి వారంలో ఇస్తామన్నారు, మొదటిదానికి ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా, ఎప్పుడు రాజీనామా పెట్టాలో అతనికి ఇప్పుడు తెలుసు.

అపోహ: మొత్తం బాగుంటే చాలు, బేసిక్ ఎంతైతే ఏంటి?

వాస్తవం: ఏడాది పూర్తి చేసి మానేసినప్పుడు వచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్క. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్. ఇతనికి 3,200ని ముప్పైతో భాగిస్తే రోజుకు దాదాపు 107, ఏడాదికి 2,240 దిర్హాములు. 8,000 మీద వస్తుందనుకుని 5,600 లెక్కేసుకున్నాడు. ఇంటి అద్దెలోంచి 800 తీసి బేసిక్‌లో కలిపితే కంపెనీకి నెల ఖర్చు మారదు, గ్రాట్యుటీ మాత్రం 2,800 అవుతుంది. కంపెనీలు జీతం పెంచమంటే ముఖం తిప్పుకుంటాయి గానీ ఇలాంటి సర్దుబాటుకు ఒప్పుకోవడం నేను తరచూ చూశాను.

అపోహ: కంపెనీ లెటర్ మీద సంతకం అయితే అంతా ఖాయం.

వాస్తవం: యూఏఈలో వర్క్ పర్మిట్ కోసం అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖ నమూనాలో ఇంకో ఆఫర్ మీద సంతకం చేయిస్తారు. ఆ తర్వాతి కాంట్రాక్టు దానికి అనుగుణంగా ఉండాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి బేసిక్, అలవెన్సులు, ప్రొబేషన్ నెలలు, నోటీసు రోజులు సరిపోల్చండి. కంపెనీ లెటర్లో 3,200 ఉన్న బేసిక్ ఇందులో 2,000 అయిందంటే అక్కడే ఆగి అడగాలి. ఎంట్రీ పర్మిట్ చేతికొచ్చి, ఈ పోలిక పూర్తయ్యాకే విశాఖలోని ఉద్యోగానికి రాజీనామా పెట్టమని గాజువాక అబ్బాయికి చెప్పాను. ఇక్కడి నోటీసు ఎన్ని రోజులో కంపెనీకి ముందే చెప్పి, చేరే తేదీని దానికి తగ్గట్టు రాయించుకున్నాడు.