కావడి ఒరిగితే? – ఆటపెట్టె మూత మీది పేరు గురించి పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీరు నలుగురూ కలిసి తయారుచేసిన బల్లమీది ఆట బరంపురం నుంచి బస్సులో క్షేమంగా చేరింది. అట్టతో చేసిన నాలుగు కావళ్లు, మూటలున్న గుడ్డసంచి, నియమాలు రాసిన కాగితం అన్నీ చూశాను. మీ నాయనమ్మతో మూడుసార్లు ఆడి, మూడుసార్లూ ఓడిపోయాను. ఆట బాగుంది. మూత మీద "మహేంద్రగిరి సంత" అని అందంగా రాసి ఇవ్వమని అడిగారు. నలభై ఏళ్లపాటు ఈ ఊళ్లో తెలుగులోనూ ఒడియాలోనూ దుకాణాల బోర్డులు రాసినవాణ్ని కాబట్టి, రాయడం నాకు పెద్ద పని కాదు. కానీ ఆ పేరును రాయాలని నాకు అనిపించడం లేదు. ఎందుకో ఈ ఉత్తరంలో చెబుతాను.

ముందు మీ ఆటను నేను అర్థం చేసుకున్నట్టుగా చెప్పనివ్వండి. ఒక్కొక్కరికి రెండు బుట్టలున్న కావడి ఒకటి ఉంటుంది. సంచిలో చూడకుండా చెయ్యి పెట్టి, చింతపండో పసుపో జీడిపిక్కలో ఉన్న ఒక మూటను తీసి, దాన్ని వెంటనే ఏదో ఒక బుట్టలో వేయాలి. మూటల బరువు 1 నుంచి 4 వరకు ఉంటుంది. మొదటి రెండు మూటలూ చెరొక బుట్టలో పడిన తరువాత, రెండు బుట్టల బరువుల మధ్య తేడా 2 దాటితే కావడి ఒరిగి, బరువైన బుట్టలోని సరుకంతా పోతుంది. అలా ఒరగకముందే "చాలు" అని సంతకు చేరినవారికి కావడిలోని బరువంతా లాభం. నిన్న నా బుట్టల్లో ఒకదానిలో 6, మరొకదానిలో 5 ఉన్నాయి. ఆగితే 11 వచ్చేవి. ఆశపడి ఇంకొక మూట తీస్తే అది 4. తేలికైన బుట్టలో వేస్తే 9, 6 అయి తేడా 3 వస్తుంది. రెండోదానిలో వేస్తే తేడా 5. ఎటు వేసినా ఒరిగింది. అదే 3 బరువు మూట వచ్చి ఉంటే 8, 6తో నిలిచేది. మీ ఆట ప్రాణమంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది: ఇంకొకటి తీయాలా, ఆగాలా?

ఇప్పుడు మీ పేరును చూడండి. "మహేంద్రగిరి సంత" అన్నప్పుడు చోటు తెలుస్తోంది, సరుకు కొంత తెలుస్తోంది, కానీ చేతులు ఏం చేయాలో తెలియడం లేదు. దుకాణంలో ఆటపెట్టెను చూసే మనిషి మూతను చదివేది మూడు నాలుగు క్షణాలు మాత్రమే. బోర్డులు రాసేటప్పుడు నేను లెక్కపెట్టుకున్నది కూడా అంతే. ఆ కొద్ది సమయంలో అతనికి ఒక క్రియాపదం అందాలి: పేర్చడమో, దాచడమో, తప్పించుకోవడమో, తూచడమో. నామవాచకాలు వరుసగా ఎన్ని పెట్టినా, వాటిలో ఒక్కటైనా చేసే పనిని తలపించకపోతే ఆ పేరు బొమ్మకు సరిపోతుంది గాని ఆటకు సరిపోదు.

మన పాత ఆటల పేర్లు పెట్టినవారెవరో తెలియదు గాని, ఈ పని వారికి బాగా తెలుసు. అష్టాచెమ్మ సంగతే చూడండి. నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఆడేవాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి, పడగానే కేక వేసే రెండు పందాలనే కలిపి పేరుగా పెట్టారు. పక్కింటి అరుగు మీద నుంచి ఆ కేక విన్న పిల్లవాడికి, ఆట చూడకముందే అందులో దేనికోసం గవ్వలు వేస్తారో సగం తెలిసిపోతుంది. దాడి ఆట కూడా అంతే. మూడు కాయలు ఒక వరుసలోకి వచ్చిన క్షణాన ఆటగాడు నోటితో పలికే మాటే ఆటకు పేరయింది. దీనికే నవకంకరి అని ఇంకొక పేరుంది. అది తొమ్మిది రాళ్లుంటాయని చెబుతుంది గాని వాటితో ఏం చేస్తారో చెప్పదు. రెండింటిలో నా ఓటు దాడికే.

పులి–మేక మరొక రకం. 3 పులులు, 15 మేకలు ఉంటాయని తెలియనివారికి కూడా, ఇరుపక్షాలూ సమానం కావనీ, ఒకరు వేటాడితే ఇంకొకరు తప్పించుకోవాలనీ ఆ రెండు మాటలే చెప్పేస్తాయి. అయితే మేకలు పులులను కదలకుండా చుట్టుముట్టి గెలుస్తాయన్న అసలు రహస్యం పేరులో లేదు, ఉండనవసరం కూడా లేదు. ఒక్క సూచన సరిగ్గా ఇస్తే చాలు. మిగిలినది మొదటి ఆటలోనే తెలుస్తుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం లూడో. లాటిన్‌లో ఆ మాటకు అర్థం "నేను ఆడతాను" అని మాత్రమే. అది ఏ ఆటకైనా అతుకుతుంది కాబట్టి దేనికీ సూచన కాదు. లూడో అందరికీ తెలిసింది కదా అని మీరు వాదిస్తారేమో. ఇంటింటా ఉన్న ఆటకు పేరు చెప్పవలసిన పని మిగలదు. మీ ఆట ఇంకా ఎవరింటా లేదు.

ఇక పరీక్ష సంగతి. నేను మీ పేరును ఒక అట్టమీద రాసి, ఎదురుగా ఉన్నవారికి ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టేంతసేపు చూపించి, దాచేసి, ఒకే ఒక ప్రశ్న అడిగాను: "ఈ ఆటలో నువ్వు ఏం చేయవలసి ఉంటుందనుకుంటున్నావు?" పేరు బాగుందా అని మాత్రం అడగకూడదు. అలా అడిగితే మన మొహం చూసి అందరూ బాగుందనే అంటారు, మనకేమీ తెలియదు. జవాబులో వారు వాడే క్రియను పట్టుకోవాలి. మా వీధి చివర టీ కొట్టాయన "సరుకులు కొనాలి, అమ్మాలి" అన్నాడు. మీ ఆటలో కొనడమూ లేదు, అమ్మడమూ లేదు. అటువంటివాడు పెట్టె కొని ఇంటికి తీసుకువెళితే డబ్బు కాగితాలు ఏవీ అని వెతుకుతాడు. ఏమీ చెప్పని పేరు కన్నా తప్పు చెప్పే పేరు ఎక్కువ నష్టం చేస్తుంది.

పక్కింటి ఒడియా అమ్మకు చదివి వినిపించినప్పుడు ఇంకొక చిక్కు బయటపడింది. ఆమె "మహేంద్రగిరిలో ఉండిన సాధువు కథా?" అని అడిగింది. మనకు సంత అంటే వారానికొకసారి జరిగే అంగడి. వారు దాన్ని హాట అంటారు. సంథ అంటే ఒడియాలో సాధుపురుషుడు. భీమ భోయిని సంథకవి అనే అంటారు కదా. పైగా ఆ కొండ మీద పాత గుళ్లున్నాయి, పరశురాముడు అక్కడ తపస్సు చేశాడని చెప్పుకుంటారు. ఆమె పొరపడడంలో ఆమె తప్పు ఏమీ లేదు. రెండు భాషలు వినబడే ఊళ్లో పేరు పెట్టేటప్పుడు, అది రెండో చెవికి ఎలా వినబడుతుందో కనుక్కోకుండా మూత మీద రంగు వేయకూడదు. ఒకప్పుడు నేను అలా కనుక్కోకుండా రాసిన ఒక దుకాణం బోర్డును, ఊరంతా నవ్విన తరువాత, నా ఖర్చుతో చెరిపి మళ్లీ రాశాను.

మీరు కాగితం వెనుక పెన్సిలుతో రాసి కొట్టేసిన "సంతకు పరుగు" అనే పేరును కూడా పరీక్షించాను. అందరూ "పందెం ఆట, ముందు చేరినవాళ్లు గెలుస్తారు" అన్నారు. మీ ఆటలో తొందరపడి ముందుగా ఆగినవారికి తక్కువ లాభం వస్తుంది కాబట్టి, దాన్ని కొట్టేయడం మంచిదే అయింది.

అందుచేత సంతను వదిలి, చేతిలో ఉన్న వస్తువు వైపు తిరిగాను. కావడి అనే మాటలో రెండు బుట్టలు, మధ్యలో భుజం, రెండు వైపులా బరువు అన్నీ ముందే ఉన్నాయి. ఒడియావారు కూడా, శ్రావణంలో నీళ్లు మోసుకుని శివాలయానికి వెళ్లే భక్తులను కావుడియా అంటారు కాబట్టి, ఆ మాట వారికి కొత్త కాదు. మొదట "కావడి తూగాలి" అని రాశాను. నాకు అది ఎంతో నచ్చింది, బుట్టలు సమానంగా నిలవాలన్న అర్థం సూటిగా ఉందనుకున్నాను. టీ కొట్టాయన చూసి "ఊగించాలా?" అన్నాడు! తూగడమంటే సరిసమానంగా నిలవడమూ అవుతుంది, నిద్రమత్తులో అటూ ఇటూ ఊగడమూ అవుతుంది. నాకు నచ్చిన మాటే ఆటకు ఎదురు తిరిగింది. తరువాత రాసిన "ఒరగని కావడి" వినడానికి బాగుంది గాని, అది కథల పుస్తకం పేరులాగా ఉంది. ఒరగదని ముందే తేల్చి చెబితే ఇక భయమెక్కడిది?

చివరకు "కావడి ఒరిగితే?" అని రాసి చూపించాను. టీ కొట్టాయన కొంచెం ఆలోచించి "సరుకు పడిపోతుంది కదా. రెండు పక్కలా సరిచూసుకుని వేసుకోవాలి, ఎక్కువైతే ఆపెయ్యాలి" అన్నాడు. బరువు సరిచూడడమూ, ఆగడమూ రెండూ అతని నోటినుంచే వచ్చాయి. ఆ ప్రశ్నార్థకమే సగం పని చేస్తోంది కాబట్టి దాన్ని మాత్రం ఎవరూ తీసేయకండి. ఇంకా అనుమానం ఉన్నవారి కోసం పేరు కింద చిన్న అక్షరాలలో "బరువెక్కించండి, ఒరిగేలోపు ఆగండి" అని ఒక వరుస ఉంటుంది. పేరు ప్రశ్న అడుగుతుంది, కింది వరుస జవాబు చెబుతుంది. రెండూ ఒకే మాటను తిరిగి చెబితే ఒక వరుస వృథా.

ఒడియా అమ్మకు కావడి అర్థమైంది గాని, కావుడియాలు దారిలో వేసే కేకను తలచుకుని "బోల్ బమ్ ఆటా?" అని అడిగింది. ఈ లోటును పేరు తీర్చలేదు, బొమ్మ తీర్చాలి. అందుకని బుట్టల్లో నీళ్ల కుండలు కాకుండా చింతపండు మూట, పసుపు కొమ్ములు స్పష్టంగా వేశాను. ఎడమ బుట్ట కిందికి జారి, దానిలోంచి ఒక మూట అప్పుడే పడుతున్నట్టు పెట్టాను. మొదటి ప్రయత్నంలో అక్షరాలను కూడా కావడితో పాటు వాలుగా రాశాను, కానీ దూరం నుంచి చూస్తే "ఒరిగితే" అనే మాటలో గుడులు, ఏత్వం కలిసిపోయి చదవడానికి వీలు లేకపోయింది. ఇప్పుడు అక్షరాలు నిటారుగా ఉన్నాయి, కర్ర ఒక్కటే వాలి ఉంది. ఒడియా పేరును నేను తేల్చలేదు. మన ప్రశ్నను మాటకు మాట మార్చకుండా, ఆమె పిల్లల చేత ఆట ఆడించి, వారి నోట వచ్చిన మాటను పెడదామనుకుంటున్నాను.

మీ పెట్టె మూత కొలత నాకు పంపలేదు. పొడవు, వెడల్పు అంగుళాలలో రాయండి. సంచిలో 4 బరువు మూటలు ఎన్ని ఉన్నాయో కూడా రాయండి; నేను లెక్కపెట్టినప్పుడు తొమ్మిది వచ్చాయి, మీ కాగితంలో ఎనిమిది అని ఉంది. మీ నాయనమ్మ గెలుపులు దాని వల్లనేమోనని నాకు అనుమానంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య