ఎక్సెల్ పట్టికలో తెలుగు తెగకుండా: అపోహలు - వాస్తవాలు

అపోహ: వత్తులు కింద తెగితే ఫాంట్‌ది తప్పు.

చాలాసార్లు తప్పు వరుస ఎత్తుదే. "స్త్రీ" చూడండి: పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. వరుస గీతను ఒక్కసారి మౌస్‌తో లాగితే ఆ ఎత్తు అక్కడే స్థిరపడిపోతుంది, తర్వాత ఫాంట్ సైజు పెంచినా అది పెరగదు. వరుసలన్నీ ఎంచుకుని Home > Format > AutoFit Row Height నొక్కండి. నిలువు వరుస వెడల్పు మార్చిన ప్రతిసారీ మళ్లీ నొక్కాలి, దానంతటది సర్దుకోదు.

Merge చేసిన గడుల్లో ఇది పనిచేయదు. శీర్షికలు తెగి కనిపించేది ఎక్కువగా అక్కడే. వాటికి ఎత్తు మీరే ఇవ్వాలి: 12 సైజు నిర్మల యూఐ ఫాంట్‌లో ఒక లైనుకు 20, రెండు లైన్లకు 40 పాయింట్లతో మొదలుపెట్టి, ప్రింట్ ప్రివ్యూలో చూసి సరిచేసుకోండి.

అపోహ: అక్షరాలు లెక్కపెడితే వెడల్పు తెలిసిపోతుంది.

తెలుగుకు `LEN` లెక్క కుదరదు. `=LEN("రాష్ట్రం")` 8 అంటుంది, `=LEN("అమరావతి")` 7 అంటుంది. కంటికి మాత్రం మొదటిది రెండక్షరాలు, రెండోది అయిదు. వత్తులు కిందికి వెళ్తాయి కాబట్టి పెద్ద అంకె వచ్చిన మాటే తక్కువ చోటు తీసుకుంటుంది. ఎక్సెల్ వెడల్పు కొలత కూడా డిఫాల్ట్ ఫాంట్‌లో 0 అంకె ఎన్నిసార్లు పడుతుందన్న లెక్కే.

కొలవడం సులువు. బడుల జాబితాలో "మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల" అని ఉందనుకోండి. ఇందులో పొడవైన మాట "ప్రాథమికోన్నత". దాన్నొక్కదాన్నే ఖాళీ నిలువు వరుసలో అదే ఫాంట్‌తో, అదే సైజులో టైప్ చేసి, పైన ఆ నిలువు వరుస పేరున్న గడి కుడి అంచుమీద డబుల్ క్లిక్ చేయండి. వచ్చిన వెడల్పుకు 1 లేదా 2 కలిపి అసలు నిలువు వరుసకు ఇవ్వండి. ఆ తర్వాతే Wrap Text. అంతకన్నా ఇరుకైతే పదం మధ్యలో విరిగి, "త" ఒక్కటీ కింది లైనులో పడుతుంది.

అపోహ: Shrink to fit పెడితే అన్నీ ఇముడుతాయి.

ఇముడుతాయి, చదవడానికే రావు. అక్షరం చిన్నదయ్యేకొద్దీ ముందు వత్తులే మసకబారతాయి. "ద్ద", "ధ్ధ" తేడా తెలియనంత చిన్నదైతే ఆ పట్టిక ప్రింట్ తీసి లాభం లేదు. శీర్షికల్లో మీకు కావలసిన చోట Alt+Enter తో లైను విరవండి: "పుట్టిన" పైన, "తేదీ" కింద.

అపోహ: ఫాంట్ పెట్టెలో పేరేదైతే అక్షరాలూ అవే.

క్యాలిబ్రిలో తెలుగు లేదు. పెట్టెలో ఆ పేరే కనిపిస్తున్నా, విండోస్ తెలుగు అక్షరాలను వేరే ఫాంట్ నుంచి తెచ్చి చూపిస్తుంది. ఇంకో కంప్యూటర్‌లో ఇంకో ఫాంట్ రావచ్చు, అప్పుడు మీరు కొలిచిన వెడల్పులూ ఎత్తులూ తప్పుతాయి. తెలుగు గడులకు మొదటే నిర్మల యూఐ లేదా నోటో సాన్స్ తెలుగు ఇచ్చి, కొలతలు ఆ తర్వాత తీయండి. నోటో ఎదుటివారి దగ్గర లేకపోతే పీడీఎఫ్ పంపండి.