ప్లగ్గు ఆకారం, వోల్టేజి, మధ్యలో ఛార్జరు

ఈ ఆగస్టులో కుమారుణ్ణి అమెరికా చదువుకు పంపుతున్న ఒక పాఠకురాలు ఒక ప్రశ్న రాశారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230 వోల్టులు, ప్లగ్గులు కూడా వేరు కనుక ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ కలిపి ఒక వోల్టేజి కన్వర్టరు కొనితీరాలని దుకాణదారు చెప్పారట. అది నిజమేనా అని ఆమె సందేహం. నిజం కాదు. ఆ రెండింటికీ కావలసినది పిన్నుల ఆకారాన్ని మార్చే చిన్న అడాప్టరు మాత్రమే. కన్వర్టరు అనవసరం, ఒక రకం కన్వర్టరు అయితే ఛార్జరుకు హాని కూడా చేస్తుంది.

అడాప్టరు లోపల ఉండేవి కొన్ని ఇత్తడి పలకలు, అంతే. మన గుండ్రటి పిన్నులను ఒక వైపు పట్టుకుని, రెండో వైపు అమెరికా వారి చదునైన పిన్నులుగా బయటికి వస్తాయి. ఇటు నుంచి ఎన్ని వోల్టులు వస్తే అటు అన్నే పోతాయి. దీనికి కారణం ఆకారానికీ వోల్టేజికీ ఏ సంబంధమూ లేకపోవడమే. టైప్ ఎ అని పిలిచే రెండు చదును పిన్నుల ప్లగ్గును అమెరికాలో 120 వోల్టుల మీద, జపానులో 100 వోల్టుల మీద వాడతారు. ఫిలిప్పీన్స్‌లో అదే ఆకారపు సాకెట్టులో 220 వోల్టులకు పైగా ఉంటుంది. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల జుట్టు ఆరబెట్టే యంత్రం మనీలా హోటలు గోడలో ఏ అడాప్టరూ లేకుండా చక్కగా ఇముడుతుంది, కొద్దిసేపట్లో కాలిపోతుంది. బ్రెజిల్‌లోనైతే ఒకే దేశంలో ఒకే ఆకారపు సాకెట్టు కొన్ని ఊళ్లలో 127 వోల్టులను, కొన్ని ఊళ్లలో 220 వోల్టులను ఇస్తుంది. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు బ్రిటన్ పాత ప్రమాణం నుంచి వచ్చింది. 1947లో బ్రిటన్ తన కోసం ఫ్యూజు ఇమిడిన చదును పిన్నుల ప్లగ్గును ప్రమాణంగా తెచ్చుకుంది, మనం పాతదానితోనే కొనసాగాం. మన గల్ఫ్ వలసదారులు దుబాయిలో చూసేది ఆ కొత్త బ్రిటిష్ ఆకారమే, అక్కడి వోల్టేజి మాత్రం దాదాపు మనదే. ఆకారాల చరిత్ర గురించి ఇంతకు మించి చెప్పాలని నాకు అనిపించడం లేదు, ఎందుకంటే అసలు విశేషం ఛార్జరు లోపల ఉంది.

ల్యాప్‌టాప్ ఛార్జరు మీద సన్నని అక్షరాలతో ముద్రించిన చీటీని చదివితే, ఇన్‌పుట్ అన్న చోట 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అనీ, అవుట్‌పుట్ అన్న చోట ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అనీ ఉంటుంది. ఈ రెండో జతను గుణిస్తే 65 వాట్లు వస్తుంది. గోడలోని వోల్టేజి రెండింతలకు పైగా మారినా అవుట్‌పుట్ 19.5 వోల్టుల దగ్గర ఎలా నిలుస్తుందన్నదే ప్రశ్న. పాఠశాలలో మనకు ట్రాన్స్‌ఫార్మరు పాఠం ఒక్కటే చెప్పి వదిలేస్తారు. చుట్ల నిష్పత్తి స్థిరం కనుక ఇన్‌పుట్ సగమైతే అవుట్‌పుట్ కూడా సగమవుతుందని అందులో నేర్చుకుంటాం. పాతకాలపు రేడియోలకు వాడిన బరువైన ఎలిమినేటర్లు సరిగ్గా అలాగే పనిచేసేవి. 230 వోల్టుల నుంచి 9 వోల్టులు ఇచ్చే ఎలిమినేటరును 120 వోల్టులకు తగిలిస్తే 4.7 వోల్టులే వస్తాయి. నేటి ఛార్జరులోనూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉన్నా, అది పనిచేసే పద్ధతి పూర్తిగా వేరు.

గోడ నుంచి వచ్చిన ఏసీని ఛార్జరు మొదట డయోడ్లతో డీసీగా మార్చి ఒక కెపాసిటరులో నింపుతుంది. ఏసీ తరంగం శిఖరం దాని పేరుకు ఉన్న వోల్టేజి కంటే 1.414 రెట్లు ఎక్కువ కనుక, మన ఇంట్లో ఆ కెపాసిటరు దాదాపు 325 వోల్టులకూ, అమెరికాలో దాదాపు 170 వోల్టులకూ నిండుతుంది. డీసీగా మారిపోయాక 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్న తేడాకు పని లేదు. తరువాత ఒక ట్రాన్సిస్టరు స్విచ్చు ఆ డీసీని చిన్న ట్రాన్స్‌ఫార్మరు మొదటి చుట్టలోకి సెకనుకు వేలసార్లు వదిలి ఆపుతుంటుంది. వదిలినంతసేపు చుట్టలో కరెంటు పెరుగుతూ అయస్కాంత శక్తిగా నిలవ ఉంటుంది. ఆపగానే ఆ శక్తి రెండో చుట్ట గుండా ల్యాప్‌టాప్ వైపు దిగిపోతుంది.

దీన్ని కుళాయి కింద చెంబు పట్టి, నిండిన ప్రతిసారీ తొట్టిలో పోయడంతో పోల్చవచ్చు. తొట్టిలోకి నిమిషానికి ఇన్ని చెంబులు పడాలన్నది నియమం. కుళాయిలో ఒత్తిడి ఎక్కువగా ఉంటే చెంబు తొందరగా నిండుతుంది, అప్పుడు కుళాయిని తొందరగా కట్టేయాలి; ఒత్తిడి తక్కువగా ఉంటే ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. తొట్టిలో పడే నీరు మాత్రం ఒకటే. ఛార్జరులో ఒత్తిడి అంటే వోల్టేజి, చెంబు అంటే చుట్టలో ఇమిడే శక్తి, కుళాయి తిప్పే చెయ్యి అంటే ఒక చిన్న నియంత్రణ చిప్పు.

నిజమైన అంకెలతో చూద్దాం. స్విచ్చు సెకనుకు 65,000 సార్లు పనిచేస్తుందనుకుంటే, 65 వాట్ల కోసం ప్రతిసారీ ఒక మిల్లీజౌలు శక్తి చాలు. ఒక్కొక్క వంతుకు 15.4 మైక్రోసెకన్ల వ్యవధి ఉంటుంది. చుట్ట ప్రేరకత్వం 500 మైక్రోహెన్రీలు అయితే, నష్టాలను పక్కన పెట్టి లెక్కిస్తే, కరెంటు 2 ఆంపియర్లకు చేరినప్పుడు ఆ మిల్లీజౌలు నిండుతుంది. 325 వోల్టుల మీద ఇందుకు 3.1 మైక్రోసెకన్లు పడుతుంది, 170 వోల్టుల మీద 5.9 మైక్రోసెకన్లు. అమెరికాలో దిగిన ఛార్జరులో మారేది ఈ ఒక్క అంకె మాత్రమే. అవుట్‌పుట్ 19.5 కంటే కొంచెం తగ్గిందనో పెరిగిందనో ఒక కాంతి సంకేతం ద్వారా చిప్పుకు కబురు అందుతుంటుంది, చిప్పు దానిని బట్టి స్విచ్చు తెరిచే కాలాన్ని సర్దుతుంది. మన పల్లెల్లో వేసవి సాయంత్రాలు వోల్టేజి 170కి పడిపోయి ఫ్యాను నీరసంగా తిరుగుతున్నప్పుడు కూడా ఫోను ఎప్పటిలాగే ఛార్జి కావడానికి కారణం ఇదే. అమెరికా కరెంటుకు మన ఫోను బ్యాటరీ చెడిపోతుందన్న నమ్మకం కొందరిలో గట్టిగా ఉంది కానీ, ఏ దేశపు కరెంటో బ్యాటరీకి తెలిసే దారే లేదు.

చీటీ మీది 100, 240 అన్న హద్దులు ఎక్కడివో కూడా చెంబు చెబుతుంది. ఒత్తిడి మరీ తగ్గితే తరువాతి వంతు వచ్చేలోపు చెంబు నిండదు. కింది హద్దు అదే. ఒత్తిడి మరీ పెరిగితే గొట్టం అతుకు తెగుతుంది. 240 వోల్టుల ఏసీ శిఖరం 339 వోల్టులు, లోపలి కెపాసిటరు సాధారణంగా 400 వోల్టుల వరకే తట్టుకుంటుంది. పోలిక ఒక్క చోట తప్పుతుంది: కుళాయి నీరు ఒకే ధారగా పడుతుంది కానీ, చుట్టలో కరెంటు సున్నా నుంచి మెల్లగా ఎక్కుతుంది, శక్తి దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

ఇప్పుడు కన్వర్టరు సంగతి. ఇనుప దిమ్మ మీద తీగ చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మరు తరంగాన్ని చెడగొట్టకుండా వోల్టేజిని మారుస్తుంది. దాని వెనుక ఛార్జరు పెట్టినా హాని లేదు, ప్రయోజనమూ లేదు. అరచేతిలో ఇమిడేంత తేలికగా ఉండి వెయ్యి వాట్లకు పైగా మోస్తానని చెప్పేవి మాత్రం సాధారణంగా ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చుతో పనిచేసే రకానివి. అవి వోల్టేజిని తగ్గించవు. ప్రతి అర తరంగంలో మొదటి భాగాన్ని ఆపేసి, చివరి ముక్కను మాత్రమే వదులుతాయి. 230 వోల్టుల తరంగం నుంచి 120 వోల్టులకు సరిపడే వేడి రావాలంటే అర తరంగంలో దాదాపు మూడింట రెండు వంతుల కాలం ఆపి, అప్పుడు హఠాత్తుగా తెరవాలి. ఆ క్షణంలో తరంగం ఇంకా 300 వోల్టుల ఎత్తులో ఉంటుంది. ఇస్త్రీపెట్టెకు సగటు వేడి సరిపోతే చాలు కనుక ఇబ్బంది లేదు. ఛార్జరు కెపాసిటరు మీదికి మాత్రం సెకనుకు వందసార్లు వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకుతుంది, ప్రతిసారీ డయోడ్ల గుండా పెద్ద కరెంటు దూసుకుపోతుంది. సెలవులకు అమెరికా నుంచి మన ఊళ్లకు వచ్చేవారు ఇలాంటి కన్వర్టరు వెనుక 120 వోల్టులకే తయారైన ఎలక్ట్రానిక్ పరికరాన్ని పెడితే, అది తట్టుకోలేని 300 వోల్టులు దానికి నేరుగా తగులుతాయి.

అయితే దుకాణదారు మాట మరికొన్ని వస్తువుల విషయంలో నిజమే. 230 వోల్టులకు తయారైన 700 వాట్ల రైస్ కుక్కరు 120 వోల్టుల మీద సుమారు 190 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది, అన్నం ఉడకదు. మిక్సీ మోటారు నెమ్మదించి పప్పు దగ్గర నిలబడిపోతుంది. వీటికి తగినంత పెద్ద స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరు కొన్ని కిలోల బరువు ఉంటుంది కనుక, ప్రవాసుల కోసం ఇక్కడ అమ్మే 110 వోల్టుల మిక్సీ కొనుక్కోవడమో, కుక్కరును అక్కడే కొనడమో మేలు.

అడాప్టరు విషయంలో చూడవలసినవి రెండు. మొదటిది పట్టు. వదులుగా పట్టిన పిన్ను దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉంటే, ల్యాప్‌టాప్ తీసుకునే సుమారు ఒక ఆంపియరు వల్ల అక్కడ పుట్టే వేడి వాటులో దాదాపు పదో వంతు మాత్రమే. 10 ఆంపియర్లు తీసుకునే వస్తువు పెడితే అదే చోట 10 వాట్లు పుట్టి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అందుకే ఛార్జర్లకు చక్కగా పనికివచ్చిన అడాప్టరే హీటరు పెట్టిన రోజు కమిలిపోతుంది. కాసేపు వాడి, ప్లగ్గును తీసి అడాప్టరును తాకితే చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉందో లేదో తెలిసిపోతుంది.

రెండోది ఎర్తు. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరులో పెడితే ఛార్జింగు ఆగదు కానీ, లోహపు మూత మీద వేలు రాస్తే సన్నని జలదరింపు తెలియవచ్చు. రేడియో అలజడిని అణచడానికి లోపల పెట్టిన చిన్న కెపాసిటర్ల గుండా మిల్లీఆంపియరులో కొద్ది భాగం ఎర్తుకు పోవాలి; దారి లేనప్పుడు అది మన వేలి గుండా పోతుంది. ఆ స్వల్ప కరెంటుతో ప్రమాదం లేదు. దీనికి అడాప్టరు కంటే మంచి ఉపాయం ఉంది. చాలా ల్యాప్‌టాప్ ఛార్జర్లలో గోడకు పోయే తీగ ఊడివస్తుంది. ఛార్జరు వైపు దాని కొస మూడు రేకుల ఆకారంలో ఉంటుంది, ఆ ఆకారం అంతర్జాతీయ ప్రమాణం కనుక అన్ని దేశాల్లోనూ ఒకటే. అమెరికాలో మూడు పిన్నుల తీగ ఒకటి కొని మార్చుకుంటే అడాప్టరే అక్కర్లేదు, పట్టు గట్టిగా ఉంటుంది, ఎర్తూ అందుతుంది. అద్దెకు దిగినది చాలా పాత ఇల్లయితే మాత్రం గోడలో రెండు చీలికల సాకెట్టే ఉండవచ్చు. ఆ మూడో పిన్నును విరగ్గొట్టి దూర్చే అలవాటు అక్కడా ఉంది. అలా చేయకుండా, ఇంట్లో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్న గది ఏదో చూసుకుని అక్కడ పెట్టుకోవాలి.